మొదటి సాహసం మంగళగిరి మెట్ల మీదే

బెజవాడ, గుంటూరు నుంచి సాహసయాత్ర అనుకునేవాళ్లు ఎక్కువగా మూడింట్లో ఒకటి ఎంచుకుంటారు. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్కింగ్, రిషికేశ్‌లో రాఫ్టింగ్, హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడింగ్. ఒంట్లో ఓ మోస్తరు సత్తువ ఉన్న కొత్తవాళ్లు ట్రెక్కింగ్‌తోనే మొదలుపెట్టాలి, అదీ ఇంటి దగ్గరి కొండ మీద.

నడవలేనివాళ్లకు పారాగ్లైడింగే సులువని వాదించేవాళ్లున్నారు. శ్రమ వరకు అది నిజమే. పైలట్‌తో కలిసి ఎగిరేటప్పుడు మనం పరుగెత్తేది నాలుగు అడుగులే. కానీ నేల వదిలాక గాలి తిరగబడితే మన చేతిలో ఏమీ ఉండదు. రాఫ్టింగ్‌లోనూ సుడుల మధ్య పడవ దిగలేం. ఆ రెండింట్లో మన క్షేమం పైలట్, గైడ్, వాతావరణం మీద ఆధారపడుతుంది. వాళ్ల పనితనాన్ని తూచే అనుభవం కొత్తవాళ్లకు ఉండదు. ట్రెక్కింగ్‌లో మాత్రం ఆయాసం ముందే హెచ్చరిస్తుంది, చాలాచోట్ల వెనక్కి తిరిగే వీలుంటుంది.

అయితే మూడింట్లో ఒంటిని నిజంగా పరీక్షించేది కూడా ట్రెక్కింగే. గుంటూరులో రోజూ సాయంత్రం అరగంట నడిచే నలభై ఏళ్ల ఉద్యోగిని తీసుకోండి. చదును రోడ్డు మీద ఆయనకు ఇబ్బంది ఉండదు. ఐదు కిలోల సంచి వేసుకుని పొద్దున్నే మంగళగిరి పానకాల స్వామి మెట్లెక్కితే అసలు సంగతి తెలుస్తుంది. ఎక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మాట తెగుతుంటే తగ్గించాలి.

చాలామంది పట్టించుకోనిది దిగడం. ఎక్కేటప్పుడు గుండె, ఊపిరి పనిచేస్తాయి. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపుతాయి. అలవాటులేని కండరం అందుకే మర్నాడు, ఆ పైరోజు నొప్పి పెడుతుంది. మెట్లు దిగుతుంటే కాళ్లు వణికినా, మోకాలు పొడిచినా ఆయన ఇంకా సిద్ధం కాలేదన్నమాట. వారానికి రెండు మూడుసార్లు ఎక్కి దిగుతూ, నొప్పి తగ్గాకే బరువు పెంచుకోవాలి.

ఇవన్నీ దాటినా కేదార్‌కంఠలో ఇంకో చిక్కుంది. దాని శిఖరం సుమారు 12,500 అడుగులు, మనం బయల్దేరేది సముద్రమట్టానికి కాస్త పైనుంచి. ఎత్తులో వచ్చే తలనొప్పి, వికారం దారుఢ్యం ఉన్నవాళ్లనూ వదలవు. అవి కనిపిస్తే పైకి వెళ్లడం ఆపాలి, ముదిరితే వెంటనే దిగాలి.

ఇంత సాధన మన ఊరి కొండల మీదే చేయొచ్చు. కొండపల్లి, కొండవీడు కోటలున్నాయి. కొండవీటికి ఘాట్ రోడ్డు వేశాం, కారు పైదాకా పోతోంది. కాలిబాటకూ అంతే శ్రద్ధ కావాలని పర్యాటక శాఖను అడుగుతున్నాను. దారి గుర్తులు, మిగిలిన దూరం చెప్పే రాళ్లు, మధ్యలో నీళ్లు, నీడ ఏర్పాటు చేయండి. మే ఎండల్లో పదిగంటల తర్వాత పైకి ఎవరినీ పంపకండి.