గుండిగలో అన్నం, గోడ మీద లైసెన్స్

ఫ్రైడ్ రైస్ పొడిపొడిగా రావాలని చాలా హోటళ్లు ముందు రోజు రాత్రే అన్నం వండి పెట్టుకుంటాయి. అందులో తప్పు లేదు. ఆ అన్నాన్ని గుండిగతోనే ఫ్రిజ్‌లోకి తోసేయడంతోనే ముప్పు మొదలవుతుంది. అంచున చల్లగా తగిలినా, నడిమధ్యన గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఆ వేడిలో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మర్నాడు పెనం మీద ఎంత వేయించినా పోదు.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ తనిఖీ పత్రానికి ఈ సంగతి తెలుసు. హోటల్ వంటగదులకు మొత్తం 114 మార్కులు. 100 గానీ అంతకుమించి గానీ వస్తే ఎ ప్లస్ గ్రేడు. మామూలు అంశానికి 2, నక్షత్రం గుర్తున్న కీలక అంశానికి 4. వండినదాన్ని చల్లార్చడం నక్షత్రం అంశమే: 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో రెండు గంటల్లో దిగాలి.

రెండు వంటగదులు చూద్దాం. ఒకచోట లైసెన్స్ గోడకు తగిలించలేదు, వంటవాళ్లకు టోపీల్లేవు, ఇంకో రెండు చిన్న లోపాలు. 8 పోయి 106. రెండోచోట అంతా తళతళలాడుతోంది, గుండిగలో అన్నం తప్ప. 4 పోయి 110. అంకెల్లో రెండోదే మేలు. కానీ నక్షత్రం అంశం ఒక్కటి తప్పినా, మార్కులతో పని లేకుండా ఆ వంటగది ఫెయిలే. ఈ నిబంధన సరైనదని మా నమ్మకం. విషాన్ని శుభ్రమైన గోడలతో సగటు కట్టలేం.

మరి జనానికి ఈ తేడా తెలుస్తోందా? 2024లో హైదరాబాద్ హోటళ్లపై తెలంగాణ ఆహార భద్రతా బృందాలు చేసిన తనిఖీల వివరాలు ఎప్పటికప్పుడు ఎక్స్‌లో పెట్టారు. మంచి పని. అయితే టోపీలు లేకపోవడం, లైసెన్స్ ప్రతి కనిపించకపోవడం, బొద్దింకలు తిరగడం ఒకే వరుసలో వచ్చాయి. చదివేవాళ్లకు దేనికి భయపడాలో తెలియదు. కీలక లోపాలను విడిగా, పైన రాయాలి. హోటల్ గుమ్మం దగ్గరా అలాగే పెట్టించాలి.

ఇంకో చిక్కుంది. టోపీ, లైసెన్స్ గుమ్మంలోకి అడుగుపెట్టగానే కనబడతాయి. అన్నం చల్లారడం రాత్రి 11 తర్వాత జరిగే పని. మధ్యాహ్నం వెళ్లిన అధికారి దాన్ని చూడలేరు. చల్లార్చిన వేళలు రాసిన పుస్తకం చూపమంటే, నెల రోజుల లెక్కలు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, రోజూ అవే డిగ్రీలతో కనిపిస్తే అది ఒక్క పూటలో నింపిందని అనుమానించాలి. కొన్ని తనిఖీలైనా హోటళ్లు కట్టేసే వేళకు మార్చాలి. అన్నం 60 డిగ్రీలకు దిగిన రెండు గంటలకు థర్మామీటర్ సూదిని గుండిగ నడిమధ్యకు దించి చూడాలి. 21 దాటి ఉంటే, ఆ అన్నాన్ని అక్కడే పారబోయించాలి. మర్నాటి నుంచి రెండంగుళాల లోతు ట్రేలలో పలచగా పరిచి ఆరబెట్టమని రాసివ్వాలి.