మూడు రోజులు రిప్లై ఆపితే తేలేదేమీ లేదు

“ఈ రోజు గలగలా మాట్లాడి రేపు మొహం తిప్పుకుంటోందంటే నువ్వంటే ఇష్టమున్నట్టే బ్రో. నిన్ను టెస్ట్ చేస్తోంది. నీ గుండె చెప్పేది నమ్ము. నువ్వూ మూడు రోజులు రిప్లై ఆపేయ్, తనే దిగొస్తుంది.”

అబ్బాయిల గురించి అమ్మాయిలకూ ఇదే సలహా ఇస్తుంటారు. ఇందులో ఒక్కో ముక్కా విడివిడిగా చూడాలి.

ముందు ‘టెస్ట్’ సంగతి. కావాలని పరీక్ష పెట్టేవాళ్లు అసలు ఉండరని కాదు. కానీ ఒకరోజు దగ్గరగా, మరో రోజు ముభావంగా ఉండటానికి అంతకంటే మామూలు కారణాలు చాలా ఉంటాయి. పని ఒత్తిడి, ఇంట్లో పరిస్థితి, చుట్టూ ఉన్న జనం, తన మనసు తనకే తేలకపోవడం. వీటిలో ఏదో తెలియాలంటే తన మొహం కంటే ముందు క్యాలెండర్ చూడండి. రెండు వారాలు, రోజుకో వాక్యం రాసుకుంటే చాలు: మాట ఎవరు మొదలుపెట్టారు, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఆ రోజు తనకు వేరే ఏం పనుంది. వాట్సాప్‌లో నీలి టిక్కులు మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. ఆ సెట్టింగ్ ఆపేసుకున్నా, పైన వచ్చిన నోటిఫికేషన్‌లోనే చదివేసినా టిక్కులు నీలంగా మారవు. రెండు వారాలు దాటాక కూడా రాస్తూ పోతే అది నిఘా అవుతుంది, అక్కడ ఆపేయాలి.

ఉదాహరణకు మాధాపూర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరిని తీసుకుందాం. సోమవారం ఆమే టీకి పిలిచి ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పింది. మంగళ, బుధవారాలు ఏం పంపినా “హా”, “ఓకే”. గురువారం లిఫ్ట్ దగ్గర ఎదురుపడితే తల ఊపి వెళ్లిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ తనే మెసేజ్ పెట్టింది. శని, ఆదివారాలు రాత్రి పదకొండు దాకా జవాబు లేదు. అతనికి ఇదంతా దోబూచులాటలా ఉంది. రాసుకున్నది చూస్తే మాత్రం, ఆ గురువారం వాళ్ల సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. రిలీజ్ లేని రెండో వారంలో మంగళ, బుధవారాలు మామూలుగానే మాట్లాడింది. రెండు వారాంతాలూ ఖమ్మంలో అమ్మానాన్నల దగ్గర ఉంది. ఇక మిగిలింది ఒక్కటే, క్యాంటీన్‌లో టీమ్ అంతా ఉన్న రోజు ఆమె వేరే బల్ల దగ్గర కూర్చుంది. మన దగ్గర ఒక అమ్మాయి, ఒక అబ్బాయి రెండుసార్లు కలిసి టీ తాగితే చాలు, ఆఫీసంతా పెళ్లి మాటలే. నలుగురిలో దూరం జరగడానికి ఆ భయం చాలు.

ఆ చిట్టా అతనికి చెప్పింది ఇంతే: ఆ ముభావానికీ అతనికీ సంబంధం లేదు. ఆమెకు ఇష్టమని అది చెప్పలేదు. సోమవారం టీ స్నేహమే కావచ్చు. ఈ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు, అక్కడే దెబ్బ తింటారు.

చిట్టాలో ఇంకో రకం వరస కూడా బయటపడుతుంది. ఆప్యాయత పొంగిన ప్రతిసారీ ఆ వెంటే నోట్స్, బండి మీద లిఫ్ట్, ఎక్సెల్ షీట్ సరిచేయడం లాంటి పని ఏదో ఉంటుంది. పని అయ్యాక మళ్లీ నిశ్శబ్దం. అలా మూడుసార్లు కనబడితే నాలుగోసారి “ఈ వారం నాకు కుదరదు” అని మామూలుగా చెప్పి చూడండి. పనితో సంబంధం లేకుండా కూడా మాట్లాడుతుంటే సరే. మాటే ఆగిపోతే ఆ ఆప్యాయత దేనికోసమో తెలిసినట్టే.

‘నీ గుండె చెప్పేది నమ్ము’ అన్న ముక్కే అన్నింటికంటే ప్రమాదం. 2011లో అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 47 మంది విద్యార్థినులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు అబ్బాయిలు మీ ఫేస్‌బుక్ ప్రొఫైల్ చూశారని చెప్పి, కొంతమందికి వాళ్లకు మీరు బాగా నచ్చారన్నారు, కొంతమందికి ఓ మోస్తరుగా నచ్చారన్నారు, మిగతావారికి ఆ రెంటిలో ఏదో తెలియదన్నారు. ఏదో తెలియనివాళ్లే ఆ అబ్బాయిల వైపు ఎక్కువ ఆకర్షితులయ్యారు, వాళ్ల గురించే ఎక్కువ ఆలోచించారు. నిజానికి ప్రొఫైల్ చూసిన అబ్బాయిలెవరూ లేరు, అది ప్రయోగం కోసం చెప్పిన మాట. అంటే గుండె దడ అవతలి మనసులో ఉన్నదాన్ని చెప్పదు, మనకు తెలియనిది ఉందని మాత్రమే చెబుతుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లోనూ ఇలాంటిదే కనబడింది. మీట పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజలు ఆగిపోతే త్వరగానే మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి దొరికిన పావురం మాత్రం చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. పదిసార్లు ఫోన్ తెరిచి చూసుకునే రోజున ఆ పావురాన్ని గుర్తుచేసుకోండి.

ఇక మూడు రోజుల మౌనం. అది ఫలించినట్టు కనబడటమే దానితో వచ్చే చిక్కు. నాలుగో రోజు “ఏమైపోయావ్?” అని మెసేజ్ వస్తే అది ఇష్టమా, అలవాటైన పలకరింపు తప్పిందన్న వెలితా, మర్యాదా? మౌనం వీటిని విడదీయదు. మెసేజ్ రాకపోతే ఇష్టం లేదనా, నొచ్చుకుందనా? అదీ తెలియదు. పైగా నలుగురిలో మాటొస్తుందని ఇప్పటికే జంకుతున్న మనిషికి, ఇటువైపు కూడా ఆసక్తి లేదనే అర్థమవుతుంది. 1973లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలైన్ హాట్‌ఫీల్డ్ బృందం ‘అందనట్టు ఉంటే మోజు పెరుగుతుంది’ అన్న నమ్మకాన్ని వరుసగా పరీక్షిస్తే, ఊరికే బిగుసుకోవడం పనిచేయలేదు. మిగతావారికి అందకుండా తమ పట్ల మాత్రం సుముఖంగా ఉన్న మనిషే నచ్చారు. సలహా చెప్పేదానికి ఇది దాదాపు తలకిందులు.

మరి తేల్చుకునేదెలా? రోజు, వేళ, చోటు ఉన్న ఒక్క పిలుపుతో. ఒత్తిడి లేని రోజు చూసి, పక్కన ఎవరూ లేనప్పుడు: “శనివారం నువ్వు ఊళ్లోనే ఉంటే సాయంత్రం ఐదింటికి కాఫీకి వెళ్దామా, మనిద్దరమే? కుదరకపోతే ఏం పర్లేదు.” ‘ఎప్పుడైనా కలుద్దాం’ అంటే దానికి ‘తప్పకుండా’ అనడం ఎవరికైనా తేలికే, అందుకని దాన్నుంచి ఏమీ తెలియదు. ‘మనిద్దరమే’ అన్న మాట వదిలేస్తే తను ఇద్దరు స్నేహితురాళ్లను వెంట తెచ్చుకోవచ్చు, మళ్లీ మొదటికే వస్తుంది.

జవాబులో చూడాల్సింది ఒక్కటే, బదులుగా ఇంకో రోజు చెప్పారా లేదా. “శనివారం ఊరెళ్తున్నా, మంగళవారం అయితే వస్తా” అంటే సుముఖమే. “చూద్దాంలే” అని వదిలేస్తే పది రోజులాగి ఇంకొక్కసారి అడగొచ్చు. రెండోసారీ రోజు చెప్పకపోతే, మధ్యలో ఎన్ని నవ్వు ఇమోజీలు వచ్చినా, అది కాదనే. మన దగ్గర మొహం మీద ‘నువ్వంటే ఇష్టం లేదు’ అనడం చాలామందికి కష్టం. అందుకే “ఇంట్లో ఒప్పుకోరు”, “ఇప్పుడు చదువు మీద దృష్టి పెట్టాలి” అంటారు. వాటికి పరిష్కారాలు వెతికి చూపించకండి. కాదన్నట్టే తీసుకోండి.

కాఫీకి వచ్చి, తర్వాత రెండు మూడుసార్లు కలిసి, అయినా వేడీ చల్లదనం అలాగే సాగుతుంటే అప్పుడు సూటిగా: “నువ్వంటే నాకు ఇష్టం. నీకెలా ఉందో తెలియట్లేదు. ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఆదివారం లోపు చెప్పు.” గడువు పెట్టేది తనను తొందరపెట్టడానికి కాదు, మీ ఎదురుచూపుకి ఒక హద్దు ఉండటానికి. ఆదివారం దాటితే గుర్తుచేయకండి.

కాదని తేలాక మళ్లీ మళ్లీ మెసేజ్ చేయడం, దారి కాయడం ఓపికలోకి రాదు. స్త్రీ ఆసక్తి లేదని స్పష్టం చేశాక కూడా పురుషుడు పదేపదే వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఆఫీసులో రోజూ ఎదురుపడక తప్పదు కాబట్టి పనికి సంబంధించిన మాటలు, ‘గుడ్ మార్నింగ్’ ఎప్పటిలాగే ఉంచండి. తన వాట్సాప్ స్టేటస్‌లను మ్యూట్ చేసి, పాత చాట్‌ను ఆర్కైవ్‌లోకి పంపండి. సోమవారం తను మళ్లీ టీకి పిలిస్తే వెళ్లొచ్చు, కానీ టీమ్‌లో ఇంకొకరిని కూడా రమ్మని పిలిచి వెళ్లండి.