‘మేడమ్’ అనగానే మాట బిగుసుకుపోతుంది

బెంగళూరులో ఇద్దరు తెలుగువాళ్లు కొత్తగా కలిస్తే ముందు ఊరు, వెంటనే కంపెనీ, ఆపైన హోదా బయటపడతాయి. ఎదుటి మనిషి మనకంటే చాలా పైమెట్టు మీద ఉన్నారని తేలగానే నోట్లోంచి ‘మేడమ్’ అనో ‘సర్’ అనో వచ్చేస్తుంది. ఆ మనిషి నచ్చి సరసంగా మాట కలపాలనుకున్నా, సరదా పలకరింపు అక్కడితో ఇంటర్వ్యూ అయిపోతుంది. ‘అక్కా’ అంటే కథ కంచికే. పేరు పక్కన ‘గారు’ పెట్టి ‘మీరు’ అంటే చాలు. ‘మీరు’ అంటూనే చిలిపిగా మాట్లాడొచ్చు. ‘నువ్వు’లోకి ఎప్పుడు దిగాలో వాళ్లకే వదిలేయాలి.

బెళ్లందూరులో ఓ గృహప్రవేశం అనుకుందాం. భోజనాల దగ్గర రెండేళ్ల అనుభవమున్న టెస్టింగ్ కుర్రాడి పక్కన, చిప్ డిజైన్ బృందాన్ని నడిపే ఆమె కూర్చుంది. ‘పోయిన వారమే టేపౌట్ అయింది’ అంది. అంటే డిజైన్ ముగించి తయారీకి పంపేశారు. ‘అబ్బో, మీ ముందు మేమెంతండీ’ అన్నాడనుకోండి, ఆమె ఇక అతణ్ని ఓదార్చాలి, లేదా నవ్వి ఊరుకోవాలి. పొగడ్తకు జవాబుండదు, ప్రశ్నకు ఉంటుంది. ‘పంపేశాక తప్పు గుర్తొస్తే? ఆ రాత్రి నిద్ర పట్టిందా?’ అని అడిగితే ఆమె హోదా పక్కకు తప్పుకుని మనిషి ముందుకొస్తుంది. చెప్పిన మాటనే పట్టుకుని అడిగే ఇలాంటి ప్రశ్నల బలం ఊహ కాదు. 2017లో హార్వర్డ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, స్పీడ్ డేటింగ్‌లో ఇవి ఎక్కువగా అడిగినవాళ్లతో మళ్లీ కలవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు. అయితే వరసగా మూడు ప్రశ్నలడిగితే విచారణలా ఉంటుంది. రెండు అడిగాక మన సంగతి ఒకటి చెప్పాలి.

ఇంతవరకూ ఇది స్నేహమే. సరసం మొదలయ్యేది చిన్న ఆటపట్టింపుతో. అది ఆమె పనినీ, వయసునీ, జీతాన్నీ తాకకూడదు, కళ్లముందున్న చిన్న విషయాన్ని తాకాలి. ‘అంత చిప్పు పంపేశారు, గోంగూరా ఆవకాయా అని తేల్చుకోలేకపోతున్నారే!’ ఆమె తిరిగి ఓ మాట అంటించిందంటే ఆట నడుస్తున్నట్టు. పొడి నవ్వు నవ్వి ఫోన్ చూసుకుంటే ఆపేయాలి.

మాట బాగా సాగుతుండగానే లేవడం మంచిది. లేచేముందు ‘ఎప్పుడైనా కలుద్దాం’ అనకండి, దానికి ఎవరైనా సరేనంటారు. ‘శనివారం పదకొండుకు జయనగర్‌లో కాఫీ తాగుదామా? మీతో మాట్లాడటం నచ్చింది’ అంటే అడిగింది కెరీర్ సలహా కోసం కాదని కూడా తెలుస్తుంది. ‘ఈ వారం కుదరదు, వచ్చే వారం?’ అంటే ఇష్టమే. ‘బిజీ’ అని ఊరుకుని వేరే రోజు చెప్పకపోతే అది మర్యాదగా చెప్పిన ‘వద్దు’. మళ్లీ అడగొద్దు.

ఆమె మీ మేనేజరో, మీ ప్రమోషన్ మీద సంతకం పెట్టే మనిషో అయితే ఈ మాటలేవీ పనికిరావు. అక్కడ ఆమె నవ్వు ఇష్టమో, ఉద్యోగ మర్యాదో మీరు తేల్చుకోలేరు. ఆమె మనసారా ఒప్పుకున్నా, ఆపైన మీకిచ్చే ప్రతి మంచి రేటింగుకూ ఆమే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.