ఆషాఢం సేలూ, నలభై టిక్కులూ

మా చీరల షాపు ప్రచార విభాగంలో ఉన్నది నలుగురం. మాటలు రాసేది నేను. వాటిని బొమ్మల మధ్య సర్దేది డిజైనర్ తమ్ముడు. ఫోన్లకూ వాట్సాప్‌లకూ జవాబు చెప్పేది ఒక అక్క. నాలుగో ఆయన అకౌంట్స్ బాబాయి గారు. ఆయనకు ప్రచారంతో సంబంధం లేదు గానీ, బిల్లు కట్టేది తనే కాబట్టి అన్నిట్లోనూ వేలు పెడతారు.

పెద్ద కంపెనీల్లో ఏది అచ్చుకు వెళ్ళాలన్నా ముందు చెక్‌లిస్ట్ దాటాలని ఓనరు గారికి ఎవరో చెప్పారు. మర్నాటికల్లా మాకూ ఒకటి వచ్చింది. ఎక్సెల్‌లో నలభై లైన్లు. "అక్షరదోషాలు లేవు కదా?", "ఆకర్షణీయంగా ఉందా?", "కస్టమర్ మనసుకు హత్తుకుంటుందా?" ఇలా సాగింది. ఇరవై తొమ్మిదో లైను దగ్గర అక్క ఆగిపోయింది. "బ్రాండ్ ఆత్మ కనిపిస్తోందా?" అని ఉందక్కడ. "ఆత్మ ఎక్కడ కనిపిస్తుందండీ, లోగో పక్కనా, కింద అడ్రస్ దగ్గరా?" అని ఓనరు గారినే అడిగింది. ఆయన ఫోన్ మోగినట్టు నటించి బయటికి వెళ్ళిపోయారు.

అలాంటి లిస్టును ఎవరైనా ఎలా పూర్తి చేస్తారో మేమూ అలాగే చేశాం. ఎక్సెల్ గడికి కుడివైపు కింద మూల చిన్న చుక్క ఒకటి ఉంటుంది. మొదటి గడిలో టిక్కు పెట్టి, ఆ చుక్కను పట్టుకుని కిందికి లాగితే నలభై టిక్కులూ ఒక్క క్షణంలో పడిపోతాయి. డిజైనర్ తమ్ముడు లాగాడు. నలభైకి నలభై. ఓనరు గారు ఆ షీటును ప్రింటు తీయించి క్యాష్ కౌంటర్ వెనక అతికించారు కూడా.

ఆషాఢం సేలు మొదలైంది. పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి ఓ మామ్మగారు, ఇద్దరు కోడళ్ళు, వెనకాల ఓ ఆటో నిండా బంధువులు. శ్రావణంలో పెళ్ళి ఉందట. కౌంటర్ మీద పదకొండు చీరలు పేర్చి, పాంప్లెట్ తీసి సేల్స్ కుర్రాడి చేతిలో పెట్టింది మామ్మగారు. "చదువు నాయనా. అందరికీ వినపడేలా చదువు."

"పట్టుచీరలపై 50% తగ్గింపు" అని చదివాడు వాడు. చదివాక వాడి మొహంలో రంగు పోయింది.

నేను రాసింది "పట్టుచీరలపై 50% వరకు తగ్గింపు". సగం ధరకు ఇచ్చేది మెట్ల కింద రాక్‌లో ఉన్న పాత స్టాకు మాత్రమే. మిగతావాటికి పదో, ఇరవయ్యో శాతం. కానీ షాపు ముందు ఫ్లెక్స్ మీద "వరకు" లేదు, పాంప్లెట్‌లో లేదు, ఎస్సెమ్మెస్‌లోనూ లేదు. మామ్మగారు మాత్రం ఉన్నారు. కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నారు.

మధ్యాహ్నం పంచాయితీ పెట్టారు. "50% అన్నది రోడ్డు అవతలి నుంచి కనపడాలన్నారు కదా సార్" అన్నాడు డిజైనర్ తమ్ముడు. "అంకె పెద్దది చేస్తే 'వరకు' కింది లైనులోకి పడుతోంది. చిన్న మాటే కదా అని తీసేశాను." ఎప్పుడు తీశావంటే రాత్రి ఎనిమిదింటికి. టిక్కులు పెట్టింది సాయంత్రం ఐదింటికి, నేను పంపిన వర్డ్ ఫైలు చూసి. అంటే ఆ నలభై టిక్కులూ పెట్టిన ఫైలు ఒకటి, జనం చదివినది ఇంకొకటి.

ఎస్సెమ్మెస్ సంగతి ఇంకో రకం. ఇంగ్లిష్‌లో అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో పట్టేది 70. దాటితే రెండో మెసేజ్‌గా లెక్కగట్టి డబ్బులు తీసుకుంటారు. పైగా అక్కడి లెక్క కంటికి కనిపించేది కాదు. "తగ్గింపు" మనకు మూడే అక్షరాలు. ఫోనుకు మాత్రం గుడులు, కొమ్ములు, సున్నా, వత్తు వేసే గుర్తు అన్నీ విడివిడిగా కలిపి 8. జనానికి పంపే మెసేజ్ నమూనాను, అంటే టెంప్లేట్‌ను, టెలికాం కంపెనీ దగ్గర ముందుగా రిజిస్టర్ చేయించేటప్పుడు నాలుగైదు అక్షరాలు ఎక్కువయ్యాయని అక్క చూసింది. "వరకు"కు నాలుగు, దాని ముందు ఖాళీకి ఒకటి. సరిగ్గా సరిపోయింది! షాపు డబ్బు ఆదా చేశానని ఆ రోజు ఇంటికి సంతోషంగా వెళ్ళిందట. టెంప్లేటుకు ఆమోదం వచ్చింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఆమోదం మెసేజ్ ఫార్మాటుకే గానీ, మెట్ల కింద రాక్‌లో ఏముందో టెలికాం వాళ్ళకేం తెలుసు?

ఇద్దరూ మంచి ఉద్దేశంతో, ఒకరికొకరు తెలియకుండా, ఒకే మాట తీసేశారు. వాక్యంలో తీసేసినా అర్థం చెడనట్టు కనిపించే మాట అదొక్కటే మరి. మోసేది మాత్రం మొత్తం ఆఫర్‌ని.

ఈలోగా షాపు ల్యాండ్‌లైన్ ఒక్కసారీ మోగలేదు. సేలు టైమ్‌లో ఇదేమిటా అనుకుంటుంటే వాట్సాప్‌కు ఒక మెసేజ్ వచ్చింది. పాంప్లెట్‌లో చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. కాల్స్ అన్నీ రిటైరైన ఓ తెలుగు మాస్టారింటికి వెళుతున్నాయి. ఆయన మొదటిరోజు రాంగ్ నంబర్ అన్నారు. రెండోరోజు పక్కింటివాళ్ళ దగ్గర పాంప్లెట్ అడిగి తెప్పించుకున్నారు. మూడోరోజు ఎర్ర ఇంకుతో దిద్ది, ఫోటో తీసి మాకు పంపారు. కింద "పది మార్కులకు మూడు" అని వేశారు.

ఎర్ర ఇంకు ఎక్కువగా పడింది "పట్‌టు" మీద, "తగ్‌గింపు" మీద. నేను టైపు చేసింది సరిగ్గానే ఉంది. కానీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే వత్తు అక్షరం కిందికి దిగదు, పక్కనే నిలబడిపోతుంది. ఇంగ్లిష్ లైన్లు మాత్రం చక్కగా కనిపిస్తాయి కాబట్టి ఫైలు బాగున్నట్టే ఉంటుంది. ఇదీ వర్డ్ ఫైలు చూస్తే దొరికే తప్పు కాదు. "అక్షరదోషాలు లేవు కదా?" అన్న ప్రశ్నకు ఐదింటికి "లేవు" అన్నది నిజమే.

ఆ సాయంత్రం బాబాయి గారు నలభై లైన్ల షీటును గోడ మీంచి పీకేశారు. "నేను వోచరు మీద సంతకం పెట్టేటప్పుడు 'ఖర్చు సబబుగా ఉందా' అని అడగను. బిల్లు ఏదీ అని అడుగుతాను" అన్నారు. కొత్త లిస్టు ఆయన చేతిరాతలో మొదలైంది. ఏ లైను రాయాలన్నా, అది లేకపోవడం వల్ల మనకు జరిగిన నష్టం ఏమిటో చెప్పాలన్నారు. చెప్పలేకపోతే లైను లేదు. ఆత్మ అక్కడికక్కడే పోయింది. ఓనరు గారు కాస్త బాధపడ్డారు గానీ, మామ్మగారికి ఇచ్చిన బిల్లు గుర్తొచ్చి ఊరుకున్నారు.

"ఫోన్ నంబరు సరిచూశారా?" అన్న లైను ఇప్పుడు ఇలా ఉంది: "పీడీఎఫ్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. ఎత్తినవారి పేరు ఇక్కడ రాయండి." చూడకుండా టిక్కు పెట్టొచ్చు. ఫోన్ చేయకుండా పేరు రాయాలంటే అబద్ధం ఆడాలి, అబద్ధానికి మా వాళ్ళకు బద్ధకం. తేదీకీ అంతే. "తేదీ సరైనదేనా" అని అడగరు. క్యాలెండర్ చూసి అది ఏ వారమో రాయమంటారు. ప్రతి ధర, ప్రతి శాతం పక్కన అది చెప్పినవాళ్ళ పేరు రాయాలి. ఆఫర్ దేనికి వర్తించదో ఒక వాక్యంలో రాసి, ఆ మాట ఫ్లెక్స్ మీద ఎక్కడుందో వేలితో చూపించాలి.

ఆ లైను దగ్గర నేను అడ్డుపడ్డాను. మూలన చిన్నగా ఇంగ్లిష్‌లో కండిషన్స్ అప్లై అని వేస్తే చాలు కదా అన్నాను, అందరూ వేస్తారు కాబట్టి. బాబాయి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్ర ప్రభుత్వం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆఫర్ ఏ భాషలో ఉంటే షరతూ అదే భాషలో, అదే ఫాంటులో ఉండాలని ఉందట. 2019 వినియోగదారుల చట్టం కింద జరిమానా కూడా ఉందట. "10 లక్షల రూపాయల వరకు" అని ఆగి, డిజైనర్ తమ్ముడి వైపు చూశారు. "చూశావా, వాళ్ళు 'వరకు' తీసెయ్యలేదు."

లిస్టులో వరస కూడా మార్చారు. డబ్బు, తేదీలు, షరతులు ముందు. భాష ఆ తర్వాత. ముందు కామాలు దిద్ది, తర్వాత ధర మారిస్తే వాక్యమంతా మళ్ళీ రాయాలి కదా. భాష చూసేది రాసినవాళ్ళు కాదు. నేను రాస్తే అక్క గట్టిగా చదువుతుంది. మనం రాసింది మనం చదివితే కాగితం మీద లేని మాట కూడా వినపడుతుంది. చదివేది ప్రెస్సుకు వెళ్ళే పీడీఎఫ్, సొంత ఫోనుకు పంపుకున్న ఎస్సెమ్మెస్. వర్డ్ ఫైలు ఎవరూ తెరవరు.

అన్నిటికన్నా కింద, రెండు గీతలు కొట్టి ఒక లైను ఉంది: "ఒక్క అక్షరం మారినా పాత సంతకాలు చెల్లవు."

మొత్తం అర పేజీ. పావుగంటలో అయిపోతుంది. నేను రాసింది బాగుందో లేదో ఈ లిస్టు చెప్పదు. ఆ పని ఓనరు గారు ఎలాగూ చేస్తూనే ఉంటారు, అడగకపోయినా.

శ్రావణం ఆఫర్‌కి దీన్ని మొదటిసారి వాడాం. రాత్రి ఎనిమిదిన్నరకు సంతకాలన్నీ అయ్యాయి. ప్రెస్సు కుర్రాడు పెన్‌డ్రైవ్ కోసం గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు ఓనరు గారికి ఒక ఆలోచన వచ్చింది. "కింద ఉచిత పార్కింగ్ కలదు అని వేద్దాం. చిన్న లైనే."

ఎవరూ మాట్లాడలేదు. బాబాయి గారు లిస్టు తీసి, కింది లైను చూపించి, పెన్ను ఆయన ముందు పెట్టారు. "పార్కింగ్ ఉందని ఎవరు చెప్పారో రాయండి సార్."

"నేనే చెబుతున్నాగా, నా షాపే కదయ్యా!"

"వెళ్ళి చూసినవాళ్ళ పేరు సార్."

డిజైనర్ తమ్ముడిని బండి వేసుకుని షాపు వెనక సందు చూసి రమ్మన్నారు. వాడు చాలాసేపటికి చెమటలు కక్కుతూ నడిచి వచ్చాడు. బండి పెట్టడానికి చోటు దొరక్క రెండు వీధుల అవతల, బ్యాంకు ముందు పెట్టి వచ్చాడట.

"సరే, తీసెయ్యండి" అన్నారు ఓనరు గారు.

తీసేశాం. ప్రెస్సు కుర్రాడు పెన్‌డ్రైవ్ కోసం చెయ్యి చాపాడు. బాబాయి గారు వాడికి కుర్చీ చూపించారు. ఒక లైను వేసి తీసింది కాబట్టి, మళ్ళీ మొదటినుంచీ చూడాలట.