‘అమ్మకు చెప్పకు’

పందెంలో పోయిన డబ్బుకు ఒక లెక్క ఉంటుంది. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎవరికి ఎంత బాకీ. ఆ ఇంట్లో పెరుగుతున్న పిల్లల సంగతి మాత్రం ఏ లెక్కలోకీ రాదు. ‘చిన్నపిల్లలు, వాళ్లకేం తెలుసు’ అనేస్తారు పెద్దలు. ఏం జరుగుతోందో వాళ్లకు తెలియకపోవచ్చు. ఏదో జరుగుతోందని మాత్రం అందరికన్నా ముందు పసిగట్టేది వాళ్లే.

తండ్రి ఫోన్‌లో పందేలు కాస్తున్నాడనుకుందాం. (తల్లి ఆడే ఇళ్లూ ఉన్నాయి. పిల్లల అవస్థలో తేడా ఏమీ ఉండదు.) గెలిచిన రోజు అడగకుండానే బొమ్మ వస్తుంది. ఓడిన రోజు పలకరిస్తే కసురుతాడు. మధ్యలో ఏం మారిందో పిల్లకు కనిపించదు కాబట్టి తానే ఏదో తప్పు చేశాననుకుంటుంది. అప్పటి నుంచి ముఖం చూసి మసలుకోవడం అలవాటవుతుంది. తలుపు తీసిన తీరును బట్టే ఇవాళ నాన్నతో మాట్లాడొచ్చో లేదో చెప్పగలదు. స్కూల్లో టూర్‌కు డబ్బు కట్టమని కాగితం ఇస్తే బ్యాగు అడుగున దాచేస్తుంది. ఏమీ అడగని పిల్లను చూసి ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని పెద్దలు మురిసిపోతారు. మేమైతే ఆ బుద్ధిమంతనాన్నే ముందు అనుమానించాలంటాం.

ఇక డబ్బు దొరకని రోజు ఒకటి వస్తుంది. ఆ పిల్ల దాచుకున్న డిబ్బీ మీద తండ్రి కన్ను పడుతుంది. ‘రేపే పెట్టేస్తా, అమ్మకు చెప్పకు’ అంటాడు. ఆ క్షణాన నిజంగానే పెట్టేద్దామనుకుంటాడు కూడా. పోయింది రాబట్టుకోవాలని మళ్లీ ఆడటమే ఈ వ్యసనం లక్షణం. రేపు రాదు. పిల్లకు డబ్బు పోయిందన్న దిగులు కొద్దిరోజులే. అమ్మ దగ్గర దాచిన రహస్యం మాత్రం రోజూ నలిపేస్తుంది. చెబితే నాన్నను పట్టిచ్చినట్టు, చెప్పకపోతే అమ్మను మోసం చేసినట్టు. కారణం దొరకని కడుపునొప్పులు, హోంవర్క్ ముందు కూర్చుని శూన్యంలోకి చూడటం ఇలాంటి రోజుల్లోనే మొదలవుతాయి.

విషయం బయటపడ్డాక తల్లి చేసే మొదటి పొరపాటు ‘నాకెందుకు చెప్పలేదు?’ అని పిల్లను నిలదీయడం. రెండోది, ‘నాన్న ఫోన్లో ఏం చేస్తున్నారో చూసి చెప్పు’ అని కాపలా పెట్టడం. ఆమె టెన్షన్ అర్థం కానిది కాదు. కానీ అప్పటిదాకా నాన్న రహస్యం మోసిన పిల్ల, ఇప్పుడు అమ్మ గూఢచారి అవుతుంది. మూడోది చూడటానికి మంచిపనిలాగే ఉంటుంది. తల్లి గుట్టుగా డిబ్బీ నింపేసి ‘చూడు, నాన్న పెట్టేశారు’ అంటుంది. ఆ అబద్ధం పిల్లకు తెలిసిపోతుంది. ఆ తర్వాత నమ్మడానికి ఇంట్లో ఎవరూ మిగలరు.

దీనికన్నా సూటిగా చెప్పడమే మేలు. ‘నాన్న డబ్బు పెట్టి ఆడుతున్నారు. మొదలుపెడితే ఆపలేకపోతున్నారు. అది నీ వల్ల వచ్చింది కాదు, నువ్వు మాన్పించగలిగేదీ కాదు. పెద్దవాళ్ల సాయం కావాలి, దాని సంగతి నేను చూసుకుంటా. నువ్వు నాన్నను ప్రేమించడం మానక్కర్లేదు.’ పదేళ్ల పిల్లకు ఇది చాలు. అప్పుల చిట్టా విప్పి చెప్పక్కర్లేదు. ‘ఆపలేకపోతున్నారు’ అన్నది వెనకేసుకు రావడం కాదు. 2013లోనే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జూదాన్ని మద్యం, మత్తుమందుల సరసన వ్యసనాల్లో చేర్చింది.

‘నాన్న ఇక ఆడరు’ అని మాత్రం మాట ఇవ్వకూడదు. అది ఆమె చేతిలో లేదు. తన చేతిలో ఉన్నదానికే మాట ఇవ్వాలి. ఫీజు డబ్బు తానొక్కతే తీయగలిగే ఖాతాలో ఉంటుందని, రాత్రి గొడవ పిల్లల ముందు జరగదని, భోజనం, నిద్ర వేళ మారవని. భర్త అప్పు తీర్చడానికి ఆ ఖాతాను ముట్టుకుంటే ఈ మాటలన్నీ నీటిమూటలే. ఇంట్లో చెయ్యి లేస్తున్నా, ఆడేవారు చచ్చిపోతానంటున్నా, ఈ మాటలతో సరిపెట్టుకోకుండా వెంటనే బయటి సాయం తెచ్చుకోవాలి.

డిబ్బీ డబ్బును తల్లి తిరిగి ఇవ్వొచ్చు, కాకపోతే ‘ఇది నేనిస్తున్నా’ అని చెప్పి ఇవ్వాలి. తండ్రి చికిత్సలో చేరాక తన బాకీ తాను కట్టాలనుకుంటే, తేదీ చెప్పి, కొంచెం కొంచెంగా, తన చేత్తోనే పిల్లకు ఇవ్వాలి. ఆయన ఒక వాయిదా తప్పితే, తల్లి దాన్ని పూడ్చకూడదు.