అసెంబ్లీలో టీచర్ మాట, ఉగాది వేదిక మీద మన మాట

ఈసారి ఇక్కడ ఒంటారియోలో మన తెలుగు సంఘం ఉగాది కార్యక్రమానికి వచ్చినవాళ్లకు ఆ కూచిపూడి అంశం గుర్తుండే ఉంటుంది. పదమూడేళ్ల బాబు సత్యభామ వేషంలో, పొడవాటి జడ ముందుకు వేసుకుని భామాకలాపం ప్రవేశ దరువు చేశాడు. గొప్పగా చేశాడు. దండం పెట్టి లోపలికి వెళ్తుంటే మన వ్యాఖ్యాత మైకు అందుకుని, "అబ్బాయో అమ్మాయో ముందు తేల్చుకోండి, తర్వాత చప్పట్లు కొట్టండి" అన్నారు. హాలంతా నవ్వింది. వెనక వరసలో కుర్రాళ్లు ఈలలు వేశారు. ఆ బాబు భోజనాల దగ్గరికి రాలేదు. వాళ్ల అమ్మ డబ్బాలో కట్టించుకుని వెళ్లిపోయింది.

అదే వారం మన వాట్సాప్ గ్రూపులో ఇంకో విషయం మీద గొడవ నడుస్తోంది. ఫిబ్రవరి చివరి బుధవారం, తోటి పిల్లల్ని ఏడిపించడానికి వ్యతిరేకంగా కెనడా బడుల్లో జరిపే పింక్ షర్ట్ డే నాడు, ఒక బడిలో టీచర్ అసెంబ్లీలో మాట్లాడారు. ఆవిడ పిల్లల్ని "అటూ ఇటూ కాకుండా" చేస్తున్నారని, అందరం కలిసి ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాద్దామని ఒకరు ప్రతిపాదించారు. వెంటనే బోలెడు మంది సరేనన్నారు. వాళ్లలో ఆ మాట స్వయంగా విన్నవాళ్లు లేరు. నేను విన్నాను. ఆ బడి లైబ్రరీలో వాలంటీరుగా పనిచేస్తాను కాబట్టి ఆ రోజు జిమ్‌లో వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను.

ఆవిడ మాట్లాడింది పట్టుమని పది నిమిషాలు లేదు. మొదట 2007లో నోవా స్కోషియాలో జరిగింది చెప్పారు. సెంట్రల్ కింగ్స్ అనే హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో చేరిన ఒక అబ్బాయి మొదటి రోజే గులాబీ రంగు చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద పిల్లలు కొందరు వాణ్ణి నానా మాటలూ అని, కొడతామని బెదిరించారు. డేవిడ్ షెపర్డ్, ట్రావిస్ ప్రైస్ అనే ఇద్దరు పన్నెండో తరగతి విద్యార్థులు అది విని ఊరుకోలేదు. చవక దుకాణంలో 50 గులాబీ బనియన్లు కొని, స్నేహితులందరికీ రాత్రికి రాత్రే కబురు పెట్టారు. మర్నాడు బడిలో వందల మంది గులాబీ రంగులో కనిపించారు. పింక్ షర్ట్ డే అలా మొదలైంది.

తర్వాత ఆవిడ ఎవరు ఏమవుతారన్న చర్చలోకి పోలేదు. ఒక అబ్బాయి జుట్టు పెంచుకోవచ్చు, గోళ్లకు రంగు వేసుకోవచ్చు, మెల్లగా మాట్లాడొచ్చు. ఒక అమ్మాయి జుట్టు పొట్టిగా కత్తిరించుకుని అబ్బాయిల బట్టలు వేసుకోవచ్చు. అది చూసి వాళ్ల గురించి మీరు ఏదో ఊహించుకోనక్కర్లేదు, వాళ్లూ మీకు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు అన్నారు. చేయాల్సినవి మూడే చెప్పారు. ఎవరైనా ఎగతాళి చేస్తే నవ్వకండి, ఎందుకంటే ఎగతాళి చేసేవాడికి కావాల్సింది ఆ నవ్వే. ఆ పిల్లాడి పక్కన కూర్చోండి. పెద్దవాళ్లకి చెప్పండి, అది చాడీ కాదు. ఇదీ మనవాళ్లు ఉత్తరం రాయాలనుకున్న ప్రసంగం.

ఆవిడ చేయని పని కూడా ఒకటి గమనించాను. ఏ పిల్లాడి పేరూ ఎత్తలేదు, ఎవరినీ లేచి నిలబడమనలేదు. ఇలాంటి ప్రసంగాలు చాలావరకు చెడేది అక్కడే. "మన ఫలానా వాడిలాంటి వాళ్లని" అనగానే మూడు వందల తలలు వాడి వైపు తిరుగుతాయి, గౌరవం సంగతి అటుంచి వాడికి బడే నరకం అవుతుంది. అలాగని ఒక్క ప్రసంగంతో అంతా మారిపోతుందని నేను అనను. అది పనిచేసిందో లేదో అసెంబ్లీలో చప్పట్లను బట్టి తెలియదు. స్కూల్ బస్సులో, లంచ్ టేబుల్ దగ్గర, జిమ్ బట్టలు మార్చుకునే గదిలో, అంటే టీచర్ లేనిచోట తెలుస్తుంది.

తల్లిదండ్రుల టెన్షన్‌ని నేను కొట్టిపారేయను. చిన్న పిల్లలకి ఏ వయసులో ఏం చెప్పాలో ముందు మాకు చెప్పండి అనడంలో తప్పేముంది? ఒంటారియోలో ఆ ఏర్పాటు ఉంది కూడా. ఎదుగుదల, లైంగిక ఆరోగ్యం పాఠాల నుంచి పిల్లల్ని మినహాయించమని ప్రాథమిక తరగతుల్లో అడగొచ్చు. కానీ ఆ మినహాయింపు పాఠానికి. పక్కవాణ్ణి ఏడిపించవద్దన్న మాటకి మినహాయింపు ఎవరిస్తారు, ఎందుకిస్తారు?

ఉత్తరం మీద సంతకం పెట్టబోయేవాళ్లు ఇంకొక్కటి చూడాలి. ఒంటారియో 2012లో మానవ హక్కుల కోడ్‌లో జెండర్ గుర్తింపునూ, దాన్ని బయటికి కనబరిచే తీరునూ చేర్చింది. అదే ఏడు విద్యా చట్టంలో బెదిరింపు, వేధింపు అంటే ఏమిటో రాశారు. దేన్ని సాకుగా చూపించి పిల్లల్ని ఏడిపిస్తారో అక్కడ ఒక వరస ఉంది. ఆ వరసలో ఉన్నది జెండర్ సంగతి ఒక్కటే కాదు. మతం ఉంది, జాతి మూలం ఉంది. మన పాప బొట్టు పెట్టుకుని వెళ్లినందుకు, లంచ్ డబ్బాలో పులిహోర వాసన వచ్చినందుకు ఎవరైనా వెక్కిరిస్తే మనం ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తేది ఆ వాక్యాన్ని పట్టుకునే. అందులో మనకి కావాల్సిన సగం ఉంచి మిగతా సగం కొట్టేయమని ఏ మొహంతో అడుగుతాం?

"ఇది మన సంస్కృతి కాదు" అని గ్రూపులో పెద్దలొకరు రాశారు. మాది తిరుపతి. గంగమ్మ జాతరలో మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, పూలు పెట్టుకుని, నగలు వేసుకుని వీధుల్లో నడుస్తారు. మా తమ్ముడికి చీర కుచ్చిళ్లు పెట్టింది మా అమ్మే. తెలుగు నాటకాల్లో స్థానం నరసింహారావు గారు ఆడ వేషాలకే పేరుపడ్డారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూసినవాళ్లు ఇప్పటికీ ఆ జడ విసురు గురించి చెబుతారు. కూచిపూడి అగ్రహారంలో మగపిల్లాడు జీవితంలో ఒక్కసారైనా ఆ వేషం కట్టాలన్నది ఆచారం.

అయినా మన ఊళ్లని మరీ నెత్తికెత్తుకోను. జాతర రోజు చీర కట్టిన మగవాడికి దండం పెట్టిన ఆ వీధిలోనే, చీర కట్టకుండానే కాస్త సుతారంగా నడిచే మా క్లాసు కుర్రాణ్ణి ఏడాది పొడుగునా ఏడిపించారు. లెక్కల మాస్టారు వాడి నడక అనుకరించి చూపించేవారు, క్లాసు పగలబడి నవ్వేది. తొమ్మిదో తరగతి మధ్యలో వాడు బడి మానేశాడు. అసెంబ్లీలో రోజూ "భారతీయులందరూ నా సహోదరులు" అని చేయి చాచి ప్రతిజ్ఞ చేశాం. ఆ సహోదరుల్లో వాడు కూడా ఉన్నాడని ఏ మాస్టారూ అనలేదు. వేషమైతే మొక్కుతాం, స్వభావమైతే తరుముతాం. మన సంస్కృతి అని ఇక్కడికి మోసుకొచ్చుకున్న దాంట్లో ఈ రెండోది ఎక్కువుందేమోనని నా భయం. లేకపోతే మన ప్రతి దీపావళి స్కిట్‌లోనూ మీసాలాయన చీర కట్టి వంకర్లు తిరగడమే హాస్యం ఎందుకవుతుంది?

కార్యవర్గానికి నా మనవి. ప్రిన్సిపాల్‌కి ఆ ఉత్తరం పంపకండి. దానికి పెట్టే ఓపికలో కొంత దీపావళి కార్యక్రమం మీద పెట్టండి. వ్యాఖ్యాతలకి స్క్రిప్టు ముందే రాసి ఇవ్వండి, వేదిక ఎక్కిన పిల్లల ఒంటి మీద, నడక మీద, గొంతు మీద జోకులు వద్దని అందులో స్పష్టంగా రాయండి. చీర కట్టిన మగాడే జోకు అయిన స్కిట్లు వస్తే వెనక్కి పంపండి. ఆ బాబు ఇంటికి సాంస్కృతిక కార్యదర్శి గారు ఫోన్ చేయాలి. క్షమాపణ వాళ్ల అమ్మకి మాత్రమే చెబితే చాలదు, వాడికీ చెప్పాలి. దీపావళికి మళ్లీ చేస్తాడేమో అడగాలి, చేయనంటే బలవంతపెట్టకూడదు.