సింకు కింది పలక, 140 మంది చదువరులు

“మన బెజవాడలో మెయిల్ ఎవరు తెరుస్తారండీ? వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఉండగా న్యూస్‌లెటర్ దండగ. వేలమంది లిస్టు ఉన్నవాళ్ళకే అది గిట్టుబాటు. పంపినా నెలనెలా ఆఫర్ పెట్టకపోతే ఎవరూ గుర్తుపెట్టుకోరు.”

పాత క్లయింట్లకు మెయిల్‌లో న్యూస్‌లెటర్ పంపుతానంటే నాకు ఎదురయ్యే వాదన ఇది. ముందుగా వాట్సాప్ సంగతి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపిన సందేశం, మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. మొగల్రాజపురంలో ఇంటీరియర్ పనులు చేసే నాకు ఈ నియమం ఎక్కడ తగులుతుందో బాగా తెలుసు. వంటగదికి కొటేషన్ తీసుకుని, “ఫ్లాటు చేతికొచ్చాక చెబుతాం” అని వెళ్ళినవారిలో చాలామంది నా నంబరు సేవ్ చేసుకోరు. నాలుగేళ్ళ క్రితం పని చేయించుకున్నవారు ఫోను మార్చినప్పుడు ఆ నంబరు పోతే మళ్ళీ వెతకరు. ఎవరికి గుర్తుండాలని కోరుకుంటామో వారికే ఆ సందేశం అందదు. కొటేషన్ పంపిన మెయిల్ చిరునామా మాత్రం మన దగ్గరే ఉంటుంది.

ఎవరు తెరుస్తారన్న ప్రశ్నకు, మెయిల్‌లోని బొమ్మ దిగితే తెరిచినట్టు లెక్కవేసే ఓపెన్ రేటు చూపించి జవాబు చెప్పను. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా సదుపాయాన్ని వాడేవారి విషయంలో, మెయిల్‌లోని బొమ్మలు మనిషి చూడకముందే దిగుతాయి కనుక తెరవని ఉత్తరం కూడా తెరిచినట్టే లెక్కకొస్తుంది. నేను లెక్కపెట్టేది తిరుగు జవాబులనే.

నా లిస్టులో ఉన్నది 140 మంది: 60 మంది పాత క్లయింట్లు, మిగిలినవారు కొటేషన్ దగ్గరే ఆగినవారు. ఒక జూలైలో ఉత్తరమంతా సింకు కింది అర గురించే రాశాను. అడుగు పలక అంచు వేలికి మెత్తగా తగిలితే వెంటనే పలక మార్చవద్దని, ముందు పైపు అతుకుల చుట్టూ పొడి టిష్యూ చుట్టి గంటసేపు నీళ్ళు వాడి చూడమని, తడిసినచోట లీకు ఆపాకే నీటిని తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వేయించుకోమని చెప్పాను. ఏడుగురు జవాబిచ్చారు. వారిలో ఒకావిడ రెండేళ్ళ క్రితం నా కొటేషన్ కాదని వేరేచోట చేయించుకున్నవారు. ఉబ్బిన పలక ఫోటో పంపారు. ఆ చిన్న మరమ్మతుకు వెళ్ళినందుకు గుంటూరు బ్రాడీపేటలో వారి అక్కగారింటి వార్డ్‌రోబుల పని నాకొచ్చింది. లిస్టు వేలల్లో ఉంటే ఆ ఫోటో చూసి స్వయంగా తిరిగి రాయడం నావల్ల అయ్యేది కాదు.

ఇక ఆఫర్ల మాట. వంటగది ఏళ్ళకొకసారి చేయించుకునేది. నిరుడే చేయించుకున్నవారికి తగ్గింపు ధర చూపితే మిగిలేది కడుపుమంటే. దీపావళికి ఒక్కసారి పెట్టి చూశాను, ఒక్క నెలలో తొమ్మిదిమంది లిస్టు నుంచి తప్పుకున్నారు.

అయితే ఆ వాదనలో ఒక నిజం ఉంది: చేరని మెయిల్‌ను ఎవరూ తెరవరు. న్యూస్‌లెటర్ సర్వీసు ద్వారా పంపుతూ, పంపేవారి చోట సొంత జీమెయిల్ చిరునామా పెడితే అది స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే జీమెయిల్ పేరుతో పంపే హక్కు ఆ సర్వర్‌కు లేదు. మొదటి నెల నాకు జరిగిందీ ఇదే. సొంత డొమైన్ తీసుకుని, మెయిల్ మన పేరుతో పంపే హక్కు ఆ సర్వీసుకు ఉందని చూపే SPF, DKIM రికార్డులను సర్వీసు నుంచి తీసుకుని, డొమైన్ సెట్టింగులలో చేర్చాలి. ఆ తరువాత మీకు మీరే ఒక ప్రతి పంపుకుని, జీమెయిల్‌లో Show original తెరవండి. ఆ రెండింటి ఎదుట PASS కనబడనంతవరకు లిస్టులో ఎవరికీ పంపకండి.